మేడమీద గదిలో క్లాసు తెగకుండా: రౌటర్ జరిపి, బ్యాండ్ మార్చి, చివరికి కేబుల్ లాగిన డైరీ

కావలిలో మా అత్తగారి ఇల్లు. కింద హాలు రోడ్డు వైపు, నేను క్లాసులు చెప్పే గది మేడమీద వెనక వైపు. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఇంటర్ పిల్లలకి ఆన్‌లైన్‌లో కామర్స్ చెప్తాను. పిల్లల గొంతులు నాకు బాగానే వినిపిస్తాయి, నా గొంతే వాళ్ళకి ముక్కలు ముక్కలుగా వెళ్తోంది. "మేడమ్, డెబిట్ తర్వాత కట్ అయింది" అని రోజుకి పదిసార్లు వినాల్సి వస్తోంది. ఫైబర్ కనెక్షన్ ఉంది, 100 ఎంబీపీఎస్ ప్లాన్. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే పెద్ద ప్లాన్ తీసుకోమన్నారు. అది తీసుకోకుండా ఏం చేశానో, ఎక్కడ తప్పు చేశానో ఇక్కడ రాస్తున్నాను.

## దశ 0: తప్పు ఎక్కడుందో తేల్చడం (జూలై 6, 7)

మొదటి పొరపాటు, స్పీడ్ టెస్ట్‌ని నమ్మడం. మేడమీద టేబుల్ దగ్గర టెస్ట్ పెడితే 18 ఎంబీపీఎస్ చూపించింది. ఒక వీడియో కాల్‌కి రెండు మూడు ఎంబీపీఎస్ చాలు, ఆ లెక్కన ఆరు కాల్స్ నడవాలి. అయినా తెగుతోంది. స్పీడ్ టెస్ట్ కొన్ని సెకన్లలో మొత్తం ఎంత వచ్చిందో చూసి సగటు చెప్తుంది, మధ్యలో అరసెకను ఆగిపోయిన సంగతి అందులో కనపడదు. యూట్యూబ్ ముందే కొంత దాచిపెట్టుకుంటుంది కాబట్టి ఆ అరసెకను మనకి తెలియదు. కాల్‌లో అలా దాచుకోవడానికి వీల్లేదు. నేను ఇప్పుడు అన్న మాట ఇప్పుడే వెళ్ళాలి, ఆలస్యంగా చేరిన ముక్కని అవతలి యాప్ పారేస్తుంది. ఆ పారేసిన ముక్కలే పిల్లలు "కట్ అయింది" అనేవి.

కాబట్టి కొలవాల్సింది వేగం కాదు, ఆలస్యం ఎంత, ఎన్ని ముక్కలు పోతున్నాయి అన్నది. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఇవి చాలు:

```
ping -n 600 192.168.1.1
ping -n 600 8.8.8.8
netsh wlan show interfaces
```

పింగ్ అంటే చిన్న ముక్క ఒకటి పంపి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చూడటం. మొదటిది ల్యాప్‌టాప్ నుంచి మా రౌటర్ దాకా, అంటే ఇంటి లోపలి దారి. రెండోది ఇల్లు దాటి బయటికి. సెకనుకి ఒకటి చొప్పున 600 అంటే పది నిమిషాలు పడుతుంది, రెండు విండోలు తెరిచి రెండూ ఒకేసారి నడిపాను. మీ రౌటర్ అడ్రస్ వేరే ఉండొచ్చు, `ipconfig` కొడితే Default Gateway దగ్గర కనిపిస్తుంది. మూడో కమాండ్ సిగ్నల్ శాతం, చానల్ చూపిస్తుంది. ఆ శాతాన్ని సగం చేసి 100 తీసేస్తే డీబీఎం వస్తుంది, అది సిగ్నల్ బలానికి కొలత, సున్నాకి దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ. 44 శాతం అంటే 22 మైనస్ 100, మైనస్ 78.

రాత్రి ఎనిమిదికి, మేడమీద టేబుల్ దగ్గర:

- సిగ్నల్: 44 శాతం (మైనస్ 78 డీబీఎం)
- రౌటర్ దాకా: 600లో 31 పోయాయి, సగటు 41 మిల్లీసెకన్లు, గరిష్ఠం 1180

అదే ల్యాప్‌టాప్‌ని కింద రౌటర్ పక్కన స్టూల్ మీద పెట్టి:

- రౌటర్ దాకా: 600లో 1 పోయింది, సగటు 5, గరిష్ఠం 94

రెండుసార్లూ బయటి దారికి అదనంగా పట్టింది 20 మిల్లీసెకన్ల చిల్లరే. అంటే కంపెనీ లైను బాగానే ఉంది, తగలడింది మా ఇంటి లోపలే. 500 ఎంబీపీఎస్ ప్లాన్ కొన్నా ఆ 31 ముక్కలు అలాగే పోయేవి.

ఒక జాగ్రత్త. పింగ్‌కి జవాబివ్వడం రౌటర్‌కి తీరిక దొరికినప్పుడు చేసే పని. రౌటర్ దాకా అప్పుడప్పుడు ఒక పెద్ద అంకె వచ్చి, అదే సెకనులో బయటిది మామూలుగా ఉంటే దాన్ని వదిలెయ్యండి. రెండూ కలిసి లేస్తేనే వైఫై తప్పు.

ఇప్పటిదాకా: ఖర్చు 0, సమయం 2 గంటలు.

## దశ 1: రౌటర్‌ని దగ్గరికి తేవడం (జూలై 9 నుంచి 14)

రౌటర్ హాల్లో టీవీ వెనకాల, నేలకి రెండడుగుల ఎత్తులో ఉంది. వైరు వీధి గుమ్మం వైపు నుంచి వచ్చింది కాబట్టి బిగించినతను అక్కడే పెట్టేసి వెళ్ళాడు. నా టేబుల్‌కీ దానికీ మధ్య రెండు తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, ఒక శ్లాబు. శ్లాబులో ఇనప చువ్వలు ఉంటాయి, వైఫైకి గోడ కన్నా అదే పెద్ద అడ్డం.

మా మామయ్య చూసి, "ఆ డబ్బా యాడుంటే ఏందమ్మాయ్, గాల్లో వచ్చేదే కదా" అన్నారు. అంకెలు చూపిస్తే తప్ప నమ్మరు కాబట్టి ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని కొలిచాను.

మొదటి ప్రయత్నం చెడింది. ఎత్తులో పెడితే మంచిదని ఎక్కడో చదివి మధ్య గదిలో ఇనప బీరువా మీద పెట్టాను. సిగ్నల్ 44 నుంచి 40కి పడింది. బీరువా అంటే పెద్ద ఇనప డబ్బా, రౌటర్ దాన్ని ఆనుకుని ఉంటే సిగ్నల్ చెదిరిపోతుంది. దానికి తోడు ఫైబర్ తీగని బీరువా వెనకనుంచి మడిచి లాగాను, పెట్టె మీద LOS అని ఉన్న లైటు ఎర్రగా వెలిగింది, నెట్ మొత్తం పోయింది. ఆ తీగలో వెళ్ళేది కరెంటు కాదు, వెలుతురు. బాగా మడత పడితే వెలుతురు మడత దగ్గరే బయటికి పోతుంది. మెల్లగా సాపు చేశాక లైటు ఆరిపోయి మామూలైంది, విరగలేదు కాబట్టి బతికిపోయాను. ఆ పసుపు తీగని గాజు గాజులాగా చూడాలి, చుట్ట చుట్టాల్సి వస్తే చేతి గాజంత గుండ్రంగా చుట్టాలి.

రెండో ప్రయత్నం: మేడమెట్లు మొదలయ్యే చోటు. శ్లాబుని చీల్చుకుని పోనక్కర్లేకుండా మెట్ల సందులోంచి సిగ్నల్ పైకి వస్తుందని లెక్క. ఉన్న తీగ అందలేదు. కేబుల్ ఆపరేటర్ దగ్గర పనిచేసే కుర్రాడు వచ్చి పొడుగు తీగ వేసి 350 తీసుకున్నాడు. గోడకి ఆరడుగుల ఎత్తులో చెక్క పలక కొట్టి దానిమీద పెట్టాము.

మేడమీద టేబుల్ దగ్గర, మళ్ళీ రాత్రి ఎనిమిదికి:

- సిగ్నల్: 66 శాతం (మైనస్ 67)
- రౌటర్ దాకా: 600లో 9 పోయాయి, సగటు 17, గరిష్ఠం 420

మైనస్ 78 నుంచి మైనస్ 67కి 11 డీబీ తేడా. ప్రతి 10 డీబీకి అందే శక్తి పది రెట్లు మారుతుంది కాబట్టి, ఇది పన్నెండు రెట్ల పైమాటే. రౌటర్ జరిగింది నాలుగు మీటర్లే, మిగతా లాభం శ్లాబు తప్పించినందుకు వచ్చింది.

నా గొంతే ఎందుకు తెగేదో కూడా ఇక్కడే అర్థమైంది. రౌటర్‌కి పెద్ద యాంటెనాలు, గోడ కరెంటు. ల్యాప్‌టాప్‌కి చిన్న యాంటెనా, అది పంపే శక్తి సాధారణంగా తక్కువ. రౌటర్ అరిచినట్టు మాట్లాడితే నాకు వినిపిస్తుంది, నేను గొణిగితే దానికి వినపడదు. వైఫైలో పంపిన ప్రతి ముక్కకీ "అందింది" అని తిరుగు జవాబు రావాలి. రాకపోతే ల్యాప్‌టాప్ కాసేపు ఆగి మళ్ళీ పంపుతుంది, మళ్ళీ ఆగి మళ్ళీ పంపుతుంది, కొన్నిసార్లయ్యాక వదిలేస్తుంది. సిగ్నల్ బలహీనంగా ఉంటే పంపే వేగం కూడా తనే తగ్గించుకుంటుంది, అప్పుడు ఒక్కో ముక్క గాలిలో ఎక్కువసేపు ఉంటుంది, ఆ మధ్యలో ఇంకొకటి దాన్ని తాకే అవకాశం పెరుగుతుంది. దగ్గరికి జరిగితే ఈ తిప్పలన్నీ ఒకేసారి తగ్గుతాయి.

పగలు చూస్తే బాగుంది. సాయంత్రం ఏడు దాటితే మాత్రం మళ్ళీ తెగుతోంది. సిగ్నల్ అదే 66.

ఇప్పటిదాకా: ఖర్చు 350, సమయం 7 గంటలు (బీరువా మీద పోయిన మూడు గంటలు కలిపి).

## దశ 2: బ్యాండ్ మార్చడం (జూలై 19 నుంచి ఆగస్టు 3)

సిగ్నల్ బాగుండి సాయంత్రం మాత్రమే తెగుతుంటే అడ్డం గోడ కాదు, జనం. చుట్టుపక్కల ఎవరు ఏ చానల్లో ఉన్నారో చూడటానికి:

```
netsh wlan show networks mode=bssid
```

మా రౌటర్ రెండు బ్యాండ్ల మీద నడుస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. ఒక్కో బ్యాండ్‌ని ముక్కలు చేస్తే వచ్చేవే చానల్స్. 2.4 గిగాహెర్ట్జ్‌లో 14 వైఫైలు కనిపించాయి. చానల్ 1లో ఐదు, 6లో ఆరు, 11లో రెండు, ఎవరో మహానుభావుడు 3లో ఒకటి. మా వైఫై ఆ 6లోనే ఉంది. ఒకే చానల్లో ఒక సమయంలో ఒకరే మాట్లాడాలి, మిగతావాళ్ళు ఆగాలి. సాయంత్రం ఆరిళ్ళలోనూ టీవీ, ఫోన్లు నెట్ మీదే ఉంటాయి, నా ముక్క వరసలో నిలబడుతుంది. ఈ బ్యాండ్‌లో ఒకదాన్నొకటి తాకకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. 3లో ఉన్నాయన అటు 1నీ, ఇటు 6నీ కెలుకుతున్నాడు.

రౌటర్ పేజీలోకి వెళ్ళి చానల్‌ని 'ఆటో' నుంచి 11కి, వెడల్పుని 40 నుంచి 20 మెగాహెర్ట్జ్‌కి మార్చాను. 40 పెడితే పక్క చానల్స్ కూడా ఆక్రమిస్తాం, ఇరుకు సందులో లారీ తిప్పినట్టు ఉంటుంది. సాయంత్రం: 600లో 5 పోయాయి, సగటు 11. మెరుగే, కానీ చాలదు.

మా వంటగది మెట్ల పక్కనే. ఒక సాయంత్రం అత్తయ్య మైక్రోవేవ్‌లో పాలు వేడి చేస్తుంటే క్లాసు ఆగిపోయింది, పాలు తీయగానే మామూలైంది. కాకతాళీయమేమో అని మర్నాడు గ్లాసు నీళ్ళు పెట్టి రెండు నిమిషాలు తిప్పి చూశాను (ఖాళీగా తిప్పకండి, ఓవెన్ పాడవుతుంది). సగటు 11 నుంచి 140కి లేచింది. మైక్రోవేవ్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే సరిగ్గా ఈ బ్యాండ్ నడుమ. తలుపు సందుల్లోంచి కారే కాస్త తరంగం మనిషికి హాని చెయ్యదు, వైఫైకి మాత్రం చెవిలో డప్పు. "పాలు కాచుకోవాలన్నా నీ క్లాసు అయ్యేదాకా ఆగాల్నా?" అని అత్తయ్య అడిగారు, న్యాయమే.

5 గిగాహెర్ట్జ్‌లో చూస్తే మాది కాక రెండే వైఫైలు. చానల్స్ ఎక్కువ, పైగా ఈ తరంగం గోడ దాటడంలో బలహీనం కాబట్టి పక్కిళ్ళవి మన దాకా పెద్దగా రావు. అదే గుణం మనకీ తగులుతుంది, మనది మన గదిలోకే రాకపోవచ్చు. రౌటర్ పాత చోట ఉండగా నేను 5 పెట్టి చూశాను, ల్యాప్‌టాప్ పట్టుకోనే లేదు. అందుకే ముందు రౌటర్ జరపాలి, తర్వాతే బ్యాండ్. ఈ వరస తిరగేస్తే "5 పనికిరాదు" అని తేల్చేస్తారు.

కొత్త చోటినుంచి 5 మీద: సిగ్నల్ 58 శాతం (మైనస్ 71), 600లో 1 పోయింది, సగటు 3, గరిష్ఠం 38. మైక్రోవేవ్ తిప్పినా కదల్లేదు. శాతం 66 నుంచి 58కి తగ్గింది, అయినా కాల్ బాగుంది. సిగ్నల్ గీతలు చూసి బ్యాండ్ ఎంచుకోకండి అని చెప్పేది ఇందుకే.

నాలుగు రోజులు హాయిగా గడిచాయి. ఐదో రోజు క్లాసు మధ్యలో మళ్ళీ పాత కథ. `netsh` చూస్తే ల్యాప్‌టాప్ చానల్ 11లో ఉంది, అంటే నాకు చెప్పకుండా 2.4కి దూకింది. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు ఉండటంతో, ఎవరో గది తలుపు మూయగానే 5 బలహీనపడి అది దిగిపోయింది. మళ్ళీ పైకి ఎక్కలేదు. చేసినవి:

1. రౌటర్ పేజీలో రెండు బ్యాండ్లని ఒకటిగా చూపించే ఆప్షన్ ఆపేసి, `illu_24`, `illu_5` అని వేరు పేర్లు పెట్టాను.
2. ల్యాప్‌టాప్‌లో `illu_24`ని Forget చేశాను.
3. టేబుల్‌ని వెనక గోడ నుంచి తలుపు వైపు రెండు మీటర్లు జరిపాను. తలుపు మూసినా 68 శాతం (మైనస్ 66) నిలబడింది.

మూడోదానికి పైసా ఖర్చు లేదు, మొదటి రోజే చేసి ఉండాల్సింది. కిటికీ పక్కన గాలి వస్తుందని ఇన్నాళ్ళు ఆ మూల వదల్లేదు.

ఇప్పటిదాకా: ఖర్చు 350, సమయం 12 గంటలు. తెగడం రోజుకి పదిసార్ల నుంచి వారానికి రెండుసార్లకి.

## దశ 3: కేబుల్ (ఆగస్టు 10 నుంచి 24)

ఇక్కడ ఆపేసినా చాలామందికి సరిపోతుంది. కానీ ఆదివారం రెండు గంటల పరీక్ష పెడతాను, అందులో ఆ 'వారానికి రెండు' పడితే నలభై మంది పిల్లలు ఆగిపోతారు. వైఫై ఎంత బాగున్నా గాలి అందరిదీ. కేబుల్లో నాకొక్కదానికే దారి.

పురికొసతో దారి కొలిస్తే 17.5 మీటర్లు. మలుపులకీ, చివర్లు తెగ్గొట్టి మళ్ళీ కట్టడానికీ కలిపి 22 మీటర్లు కొన్నాను. ఈథర్నెట్ కేబుల్‌కి 100 మీటర్ల దాకా ఇబ్బంది లేదు కాబట్టి పొడవు గురించి టెన్షన్ అక్కర్లేదు.

నాణ్యత గురించి ఉంది. ట్రంక్ రోడ్డులో ఒక షాపులో మీటరు 9 రూపాయలకి 'క్యాట్ 6' అని ఇచ్చారు. ఇంటికొచ్చి ఒక తీగని బ్లేడుతో గీకితే రాగి రంగు పోయి లోపల తెల్లగా తేలింది. అల్యూమినియం మీద రాగి పూత. పెళుసు, రెండుసార్లు వంచితే విరుగుతుంది. వెనక్కి ఇచ్చి, మీటరు 24 పెట్టి మొత్తం రాగిది తెచ్చాను. షాపులోనే గీకి చూపించమని అడగండి, మొహమాటం వద్దు.

ఎలక్ట్రీషియన్ వచ్చి, "కరెంటు పైపులో ఖాళీ ఉండాది, అందులోనే లాగేస్తా మేడమ్" అన్నాడు. వద్దన్నాను. 230 వోల్టుల తీగ పై తొడుగు ఎక్కడైనా చిట్లితే కరెంటు ల్యాప్‌టాప్ దాకా వచ్చే ప్రమాదం ఉంది. ఇంకో పీవీసీ పైపు వేసి, కరెంటు పైపుకి జానెడు దూరంలో మెట్ల గోడ వెంట లాగి, కిటికీ చట్రం పక్కన చిన్న కంత పెట్టి గదిలోకి తెచ్చాము. కొంత దారి బయటి గోడ మీద ఎండలో ఉంది, అక్కడ పైపు లేకపోతే మన ఎండలకి తొడుగు పగిలిపోతుంది.

చివర్లకి కనెక్టర్లు నేనే వేశాను. క్లిప్పు కిందికి, కేబుల్ దూరే కన్నం మన వైపు ఉండేలా పట్టుకుంటే ఎడమనుంచి:

1. తెలుపు-నారింజ
2. నారింజ
3. తెలుపు-ఆకుపచ్చ
4. నీలం
5. తెలుపు-నీలం
6. ఆకుపచ్చ
7. తెలుపు-గోధుమ
8. గోధుమ

రెండు చివరలా ఇదే వరస. ఆకుపచ్చ జతని 3, 6లుగా విడదీసి మధ్యలో నీలాన్ని పెట్టడం దగ్గరే అందరూ తప్పుతారు, నేనూ తప్పాను, రెండు కనెక్టర్లు చెత్తబుట్టలోకి. మూడోది పనిచేసింది, కానీ పవర్‌షెల్‌లో `Get-NetAdapter` కొడితే LinkSpeed దగ్గర 1 Gbps బదులు 100 Mbps. అంటే 1, 2, 3, 6 పిన్నులు తగిలాయి, మిగతా నాలుగింట్లో ఏదో తగల్లేదు. నా ప్లాన్ ఎలాగూ 100 కదా అని వదిలేయాలనిపించింది. కానీ ఇవాళ ఆ నాలుగింట్లో తగలనిది రేపు ఈ నాలుగింట్లో వదులవుతుంది, అదీ క్లాసు మధ్యలో. కోసి మళ్ళీ వేశాను. గోధుమ తీగ చివరిదాకా వెళ్ళకుండా రెండు మిల్లీమీటర్లు వెనకే ఆగి ఉంది. నొక్కే ముందు కనెక్టర్ ముందువైపు నుంచి ఎనిమిది రాగి చుక్కలూ కనిపిస్తున్నాయా అని చూసుకుంటే ఈ పని తప్పేది.

నా ల్యాప్‌టాప్‌కి ల్యాన్ పోర్టు లేదు, యూఎస్‌బీ అడాప్టర్ కొన్నాను. కేబుల్ పెట్టాక వైఫై ఆఫ్ చేసే కొలిచాను, లేకపోతే దేన్ని కొలుస్తున్నామో తెలియదు.

- రౌటర్ దాకా: 600లో 0 పోయాయి, సగటు 0, గరిష్ఠం 3 మిల్లీసెకన్లు

సాయంత్రం, పగలు, మైక్రోవేవ్, తలుపు, దేనికీ మారలేదు.

ఈ దశ ఖర్చు: కేబుల్ 528, కనెక్టర్లు ఎనిమిది 80, క్రింపింగ్ టూల్ 380, పైపు, క్లిప్పులు 340, అడాప్టర్ 950. కలిపి 2278. ఎలక్ట్రీషియన్ డబ్బులు తీసుకోలేదు, వాళ్ళమ్మాయి నా క్లాసులోనే ఉంది.

ఇప్పటిదాకా: ఖర్చు 2628, సమయం 21 గంటలు.

## దశ 4: కేబుల్ ఉన్నా తెగిన రోజు (సెప్టెంబరు 7)

ఎనిమిదింబావుకి మళ్ళీ "కట్ అయింది మేడమ్". గుండె ఆగినంత పనైంది. రెండు పింగులూ పెట్టాను. రౌటర్ దాకా 1 మిల్లీసెకను, బయటికి 380. అంటే ఈసారి ఇంటి లోపలి దారి కాదు. కిందికి దిగితే మా మరిది తిరుపతిలో పెళ్ళి చూసుకుని అప్పుడే వచ్చాడు, అతని ఫోను వైఫై తగలగానే పెళ్ళి వీడియోలన్నీ బ్యాకప్‌కి ఎక్కిస్తోంది. మా ప్లాన్‌లో అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్సే, అది నిండిపోతే రౌటర్ దగ్గర క్యూ పెరుగుతుంది, నా గొంతు ఆ వీడియోల వెనకాల నిలబడుతుంది. "వదినా, నేనేం చూడట్లేదే, ఫోను జేబులో ఉంది" అన్నాడు, నిజమే పాపం. బ్యాకప్ ఆపగానే 22కి దిగింది. ఇప్పుడు ఇంట్లో అన్ని ఫోన్లకీ క్లాసు టైములో బ్యాకప్ ఆపి ఉంచాము.

## మిగిలిన పని (అక్టోబరు 2)

మన వైపు అసలు వానలు ఇప్పుడే మొదలవుతాయి. బయటినుంచి కేబుల్ నేరుగా కిటికీ కంతలోకి వస్తే నీళ్ళు దాని వెంటే జారి గదిలోకి, అడాప్టర్ మీదకి వస్తాయి. అందుకని ఇవాళ కంతకి ముందు కేబుల్‌ని జానెడు కిందికి వేలాడేలా వంపు తిప్పి, కంతని బయటినుంచి సిలికాన్‌తో మూశాను. నీళ్ళు ఆ వంపు అడుగునుంచే కారిపోవాలి. బకెట్‌తో పోసి చూశాను, లోపలికి చుక్క రాలేదు. సిలికాన్ ట్యూబు 160. మొత్తం 2788.